3.4 కిలోమీటర్ల సెల్, 98 శాతం కవరేజీ: ట్రైనీ ప్లానర్ కవర్ లెటర్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: నమస్కారమండీ. టెలికమ్యూనికేషన్స్‌లో ఇంజినీరింగ్ ఇటీవలే పూర్తి చేశాను. రేడియో నెట్‌వర్క్ ప్లానింగ్ ట్రైనీ ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్నాను కానీ ఎక్కడినుంచీ పిలుపు రావడం లేదు. కవర్ లెటర్‌లో ముఖ్యమైన పేరా ఇలా రాశాను: "వైర్‌లెస్ రంగమంటే నాకు ఎనలేని ఆసక్తి. చివరి సంవత్సరం ప్రాజెక్టులో ఒక నగర ప్రాంతానికి 1800 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ నెట్‌వర్క్ ప్లాన్ చేసి, ఒక్కో సైట్‌కు 3.4 కిలోమీటర్ల పరిధితో 98 శాతం కవరేజీ సాధించాను. అటోల్, మ్యాట్‌ల్యాబ్, డ్రైవ్ టెస్ట్, 5జీలలో ప్రావీణ్యం ఉంది." లెక్కకు తీసుకున్నవి కూడా చెబుతున్నాను: బ్యాండ్‌విడ్త్ 20 మెగాహెర్ట్జ్, ట్రాన్స్‌మిట్ పవర్ 43 డీబీఎం, యాంటెన్నా గెయిన్ 17 డీబీఐ, కేబుల్ నష్టం 2 డీబీ, ఫేడింగ్ మార్జిన్ 8 డీబీ, యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు, ఆర్‌ఎస్‌ఆర్‌పీ హద్దు -105 డీబీఎం, నమూనా కాస్ట్-231 హాటా. అటోల్‌ను రెండు రోజుల వర్క్‌షాప్‌లో చూశాను. డ్రైవ్ టెస్ట్ నేను స్వయంగా చేయలేదు. ఈ లేఖలో ఏం మార్చాలి?

సమాధానం:

మీ పేరాలో భాష సంగతి తర్వాత చూద్దాం. ముందుగా సరిచేయవలసింది 3.4 కిలోమీటర్లు అనే అంకె. దరఖాస్తులు మొదట నియామక విభాగం చేతికి వెళ్లినా, సాంకేతిక ఉద్యోగానికి ఎవరిని పిలవాలన్న మాట వచ్చేసరికి ప్లానింగ్ బృందంలోని సీనియర్ ఇంజినీరు ఒకరు వాటిని చదవడం మామూలు. ఆ ఇంజినీరుకు సైట్ల మధ్య దూరాలు, యాంటెన్నా ఎత్తులు, సిగ్నల్ హద్దులు నిత్యం కళ్ల ముందు ఉండే విషయాలు. నగర ప్రాంతంలో, 30 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాతో, 1800 మెగాహెర్ట్జ్‌లో ఒక సెల్ 3.4 కిలోమీటర్లు కవర్ చేసిందని చదవగానే, లెక్క ఎక్కడో తప్పిందని కాగితం ముట్టుకోకుండానే ఆయన గ్రహిస్తారు. మిగతా సంస్థలు ఎందుకు స్పందించలేదో నేను చెప్పలేను కానీ, ఆ అంకెను చదివిన ప్లానర్ ఎవరైనా అక్కడే ఆగి ఉంటారు.

తప్పు ఎక్కడుందో మీరు పంపిన వివరాలలోనే తెలుస్తోంది. 43 డీబీఎం, అంటే 20 వాట్లు, అనేది మొత్తం 20 మెగాహెర్ట్జ్ క్యారియర్ శక్తి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ మాత్రం మొత్తం క్యారియర్ శక్తిని కొలవదు. రిఫరెన్స్ సిగ్నల్‌ను మోసే రిసోర్స్ ఎలిమెంట్ల శక్తికి సగటు అది. అంటే 15 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్క సబ్‌క్యారియర్ పాలికి వచ్చే శక్తి. 20 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈలో 100 రిసోర్స్ బ్లాకులు, ఒక్కో బ్లాకులో 12 సబ్‌క్యారియర్లు, మొత్తం 1200 ఉంటాయి. మీరు పంపే వైపు 1200 సబ్‌క్యారియర్ల మొత్తాన్ని తీసుకుని, అందుకునే వైపు ఒక్క సబ్‌క్యారియర్ హద్దును పెట్టారు. జీఎస్ఎం కాలంలో ఫోన్ కొలిచేది పూర్తి క్యారియర్ శక్తినే కనుక అప్పటి లింక్ బడ్జెట్‌లో ఇలా నేరుగా తీసివేయడం సరిపోయేది. ఆ పట్టికనే ఎల్‌టీఈకి వాడి, చివరి వరుసలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అని పేరు మార్చినప్పుడు ఈ పొరపాటు చడీచప్పుడు లేకుండా లోపలికి వస్తుంది.

శక్తి అన్ని సబ్‌క్యారియర్లకూ సమానంగా పంచబడిందని, రిఫరెన్స్ సిగ్నల్‌కు అదనపు బలం ఇవ్వలేదని అనుకుంటే సరైన లెక్క ఇలా ఉంటుంది:

```
43 - 10*log10(1200)  = 12.2 dBm
12.2 + 17 - 2        = 27.2 dBm
27.2 - (-105) - 8    = 124.2 dB
```

అనుమతించదగిన గరిష్ఠ పథ నష్టం 124.2 డీబీ. మీరు వేసిన లెక్కలో ఇది 155 డీబీ అయింది. రెండింటికీ మధ్య 30.8 డీబీ తేడా. మధ్యస్థ నగరానికి, 30 మీటర్ల సైట్ ఎత్తుకు, 1.5 మీటర్ల ఫోన్ ఎత్తుకు కాస్ట్-231 హాటా సూత్రంలో అంకెలన్నీ పెట్టి కుదిస్తే, దూరాన్ని కిలోమీటర్లలో తీసుకున్నప్పుడు ఇంత మిగులుతుంది:

```
L = 136.2 + 35.2*log10(d)
```

ఇందులో 155 పెడితే మీ 3.4 కిలోమీటర్లు వస్తాయి. 124.2 పెడితే వచ్చేది 0.456 కిలోమీటరు, అంటే దాదాపు 450 మీటర్లు. భవనం లోపల కవరేజీ కావాలని గోడల నష్టానికి మరో 15 డీబీ తీసేస్తే అది 170 మీటర్ల దగ్గరకు పడిపోతుంది. పరిధి ఏడున్నర రెట్లు తగ్గితే విస్తీర్ణం దాని వర్గానికి సరిపడా తగ్గుతుంది కనుక, మీ ప్రణాళికలో ఒక్క సైట్ అనుకున్న చోట నిజానికి సుమారు 56 సైట్లు కావాలి. ప్లానింగ్ ఇంజినీరు ఉలిక్కిపడేది దీనికే. ఆయన సంతకం చేసే సైట్ల జాబితా మీదనే డబ్బు ఖర్చవుతుంది.

మీ మొదటి లెక్క నిలబడదని చూపే మరో పరీక్ష ఉంది. ఇంటర్వ్యూలో కూడా ఉపయోగపడుతుంది కనుక చెబుతున్నాను. 15 కిలోహెర్ట్జ్ వెడల్పులో ఉష్ణ శబ్దం సుమారు -132 డీబీఎం. ఫోన్ రిసీవర్ నాయిస్ ఫిగర్ 7 డీబీ అనుకుంటే శబ్దపు మట్టం -125 దగ్గర ఉంటుంది. మీ 3.4 కిలోమీటర్ల అంచున నిజంగా అందే ఆర్‌ఎస్‌ఆర్‌పీ 27.2 లోంచి 155 తీసేస్తే -127.8. అంటే పక్క సెల్‌ల జోక్యాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోకముందే, సిగ్నల్ ఫోన్ సొంత శబ్దం కిందికి వెళ్లిపోయింది. ఎల్‌టీఈ అంత బలహీనమైన సిగ్నల్‌తో కూడా కొంతవరకు నెట్టుకురాగలదు గానీ, మీరే పెట్టుకున్న -105 హద్దును 98 శాతం స్థలంలో దాటడం ఆ దూరంలో జరిగే పని కాదు.

ఇక్కడ మీకు ఒక సందేహం రావచ్చు. ప్రాజెక్టు నివేదిక సమర్పించేశారు, మార్కులు పడ్డాయి, రెజ్యూమెలో 98 శాతం అని అచ్చయింది. ఇప్పుడు 3.4 అనే అంకెను నిశ్శబ్దంగా తీసేసి వేరే విషయం రాయాలా? నా అభిప్రాయం అందుకు పూర్తిగా భిన్నం. తప్పు అంకెను, అది తప్పని మీరు ఎలా తెలుసుకున్నారో, సరిచేస్తే ఏం మారిందో ఆ మూడింటినీ కలిపి మూడు వాక్యాలలో రాయండి. ట్రైనీ దగ్గర ఏ సంస్థా పూర్తయిన ప్లానర్‌ను ఆశించదు. వచ్చిన అంకెను అనుమానించే అలవాటు ఉందా లేదా అనేది మాత్రం తప్పకుండా చూస్తుంది, ఎందుకంటే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ తప్పు ఇన్‌పుట్‌కు కూడా అందమైన రంగుల మ్యాపునే గీసి ఇస్తుంది. అయితే ఇది క్షమాపణ పత్రంలా ఉండకూడదు; మార్గదర్శకుడు చెప్పలేదనో, పాఠ్యపుస్తకంలో అలాగే ఉందనో రాయవద్దు. జరిగింది, తెలిసింది, మార్చాను అన్నంత సాదాగా ఉండాలి.

450 మీటర్లు అని రాసేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. కాస్ట్-231 హాటా నమూనాకు ప్రకటించిన చెల్లుబాటు పరిధి ఉంది: తరచుదనం 1500 నుంచి 2000 మెగాహెర్ట్జ్, సైట్ ఎత్తు 30 నుంచి 200 మీటర్లు, దూరం 1 నుంచి 20 కిలోమీటర్లు. మీ తప్పు అంకె 3.4 ఈ పరిధిలోనే ఉంది. సరైన అంకె 0.456 దాని బయట పడింది. ఈ విచిత్రాన్ని గమనించిన అభ్యర్థి లేఖలో ‘ఇది తొలి అంచనా మాత్రమే’ అని ఒక్క మాట చేరుస్తాడు. చదివే ఇంజినీరుకు ఆ ఒక్క మాటతో చాలా విషయం అర్థమవుతుంది. కిలోమీటరు లోపు దూరాలకు ఇదే నమూనాను కొలతలతో ట్యూన్ చేసి వాడేవారు ఉన్నారు. లేదా 3జీపీపీ టీఆర్ 38.901 పత్రంలోని నగర స్థూల సెల్ నమూనా వంటిది తీసుకోవచ్చు, అది 10 మీటర్ల నుంచి 5 కిలోమీటర్ల వరకు వర్తిస్తుంది. మీకు ఒక సాయంత్రం ఖాళీ ఉంటే దానితో కూడా లెక్క వేసి, రెండు అంకెల మధ్య ఎంత తేడా వచ్చిందో చూసుకోండి. లేఖలో రాయకపోయినా, ఎవరైనా అడిగినప్పుడు చెప్పడానికి మీ దగ్గర సమాధానం ఉంటుంది.

దీనికన్నా గట్టి ఆధారం కావాలంటే బయటకు వెళ్లి కొలవాలి. ఖరీదైన పరికరాలు లేకపోయినా, ఆర్‌ఎస్‌ఆర్‌పీ, సెల్ గుర్తింపు సంఖ్య, తరచుదనపు ఛానెల్ నంబరు చూపే సాధారణ ఫోన్ యాప్‌తో ఒక సైట్ మీద నడక పరీక్ష చేయవచ్చు. కంటికి స్పష్టంగా కనిపించే ఒక టవర్‌ను ఎంచుకుని, ఒక యాంటెన్నా ఎదురుగా, అది చూస్తున్న దిశలోనే దూరంగా నడుస్తూ కొలతలు తీసుకోండి. ఫోన్ మధ్యలో వేరే బ్యాండ్‌కు మారిపోతే కొలతలు కలగాపులగం అవుతాయి కనుక ఛానెల్ నంబరు గమనిస్తూ ఉండాలి; 1800 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ బ్యాండ్ 3 డౌన్‌లింక్‌కు ఆ నంబరు 1200 నుంచి 1949 మధ్య ఉంటుంది. ఒక చోట నిలబడి ఒక్క అంకె రాసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. అరచేతి దూరం కదిలితేనే సిగ్నల్ పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి, 40 తరంగదైర్ఘ్యాల మేర, ఈ తరచుదనంలో సుమారు 7 మీటర్ల నడకకు, సగటు తీసుకోవాలి.

ఈ కొలతలు రెండు చోట్ల మోసం చేస్తాయి. టవర్‌కు మరీ దగ్గరగా ఉన్నప్పుడు మీరు యాంటెన్నా ప్రధాన పుంజానికి కిందన ఉంటారు, అందువల్ల సిగ్నల్ ఉండవలసినదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. తొలి 100 మీటర్ల కొలతలను లెక్కలోంచి తీసేయడం మంచిది. రెండో మోసం దూరపు చివర ఉంది, దాన్ని చాలామంది గమనించరు. సిగ్నల్ బలహీనపడగానే ఫోన్ పక్క సెల్‌కు వెళ్లిపోతుంది. కనుక దూరంగా మీ సెల్ పేరిట నమోదయ్యేవి అదృష్టవశాత్తూ బాగా అందిన బిందువులు మాత్రమే. బలహీనమైనవి అసలు మీ పట్టికలోకి రావు. దూరం పెరిగినా సిగ్నల్ తగ్గడం ఆగిపోయి గీత సమతలంగా సాగుతున్నట్టు గ్రాఫ్‌లో కనిపిస్తే కారణం ఇదేనని అనుమానించి, ఆ భాగాన్ని వదిలేయండి.

మిగిలిన బిందువులను దూరపు లాగరిథమ్‌కు ఎదురుగా గీస్తే, దూరం పది రెట్లు పెరిగినప్పుడు సిగ్నల్ ఎన్ని డీబీలు తగ్గుతుందో ఆ వాలు మీకు దొరుకుతుంది. 30 మీటర్ల ఎత్తుకు నమూనా చెప్పేది 35.2. మీరు ఎంచుకున్న టవర్ ఎత్తు వేరైతే ఈ విలువ కూడా కొద్దిగా మారుతుంది, దాన్ని ముందే సరిచూసుకోండి. ఆ టవర్ ఎంత శక్తితో పంపుతోందో, యాంటెన్నా గెయిన్ ఎంతో మీకు తెలియదు. అందువల్ల నమూనాకూ కొలతకూ మధ్య సగటు తేడా గురించి మీరు ఏమీ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. తెలియని ఆ విలువ అన్ని బిందువులనూ సమానంగా పైకో కిందికో జరుపుతుంది కాబట్టి, సగటును తీసేసిన తర్వాత మిగిలే వాలు, చెదురు మాత్రం మీ సొంత ఫలితాలే. ప్రామాణిక విచలనం 8 లేదా 9 డీబీ వస్తే చిన్నబోవద్దు. వృత్తి నిపుణులు ట్యూన్ చేసిన నమూనాలో కూడా సాధారణంగా 6 నుంచి 8 వరకు మిగులుతుంది. 2 డీబీ వచ్చిందని రాస్తేనే అనుమానం కలుగుతుంది.

మీ పేరాలోని చివరి వాక్యానికి వద్దాం. అటోల్‌ను రెండు రోజులు చూసినవారు ప్రావీణ్యం ఉందని రాస్తే, ఇంటర్వ్యూ చేసేవారు రోజూ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే పనిచేసేవారు కనుక రెండో ప్రశ్నకే విషయం బయటపడుతుంది. వాణిజ్య ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు విద్యార్థుల చేతికి సులభంగా రావని వారికి తెలుసు, అందువల్ల వర్క్‌షాప్‌లో చూశానని నిజం రాయడం వల్ల మీకు నష్టం లేదు. ఆ రెండు రోజుల్లో ఏం చేశారో చెప్పగలిగితే ఇంకా మంచిది: సైట్లను దిగుమతి చేసుకున్నారా, భూమి ఎత్తుల మ్యాపు, క్లట్టర్ మ్యాపు ఎక్కించారా, టిల్ట్ మార్చి కవరేజీ ఎలా కదిలిందో చూశారా? మ్యాట్‌ల్యాబ్ విషయంలో మీకు నిజంగా చేసిన పని ఉంది కాబట్టి దాన్ని ప్రాజెక్టు వాక్యంలోనే కలిపేయండి, విడిగా జాబితా అక్కరలేదు. 5జీ అనే మాట ఏ పనికీ ముడిపడకుండా ఒంటరిగా నిలబడి ఉంది, తీసేయండి.

డ్రైవ్ టెస్ట్ విషయం కాస్త వేరు. చేయని పని రాయకూడదన్నది ఎలాగూ ఉంది. దానికితోడు డ్రైవ్ టెస్ట్, కాల్ డ్రాప్ విశ్లేషణ వంటి మాటలు ఎక్కువగా ఆప్టిమైజేషన్ పనికి చెందినవి. నడుస్తున్న నెట్‌వర్క్‌లో లోపాలు వెతికి సరిచేసేది ఆప్టిమైజేషన్; సైట్ ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ దిశకు, ఎంత టిల్ట్‌తో ఉండాలో అది కట్టకముందే నిర్ణయించేది ప్లానింగ్. చిన్న సంస్థల్లో రెండూ ఒకే బృందం చేయవచ్చు కానీ, ప్రకటన ప్లానింగ్ కోసం వచ్చినప్పుడు లేఖ ఆప్టిమైజేషన్ మాటలతో నిండి ఉంటే, అభ్యర్థికి ఈ తేడా తెలియదని అనుకుంటారు. మీ నడక పరీక్షను కూడా డ్రైవ్ టెస్ట్ అని పెద్ద పేరుతో పిలవకుండా, నమూనాను సరిచూడటానికి తీసుకున్న కొలతలని రాయండి.

ఆసక్తి ఎనలేనిదని రాసిన మొదటి వాక్యం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దాని స్థానంలో ప్రకటనలో ఉన్న ఒక పనిని పేర్కొని, మీ పనిని దానికి కలపండి. ట్రైనీ ప్లానర్‌కు తొలి నెలల్లో అప్పగించే పనుల్లో సైట్ సర్వే ముఖ్యమైనది: భవనం పైకప్పు మీదికి ఎక్కి అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయడం, దిక్సూచితో అజిముత్ చూడటం, చుట్టూ ఫొటోలు తీసి సిగ్నల్‌కు అడ్డుపడే కట్టడాలను గుర్తించడం, ఉన్న యాంటెన్నాల ఎత్తు కొలవడం. ఎండలో బయట తిరిగే ఈ పనికి మీరు సిద్ధంగా ఉంటే ఆ మాట లేఖలో ఉండటం మేలు, ఎందుకంటే కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమనుకుని వచ్చేవారు తక్కువేమీ కాదు.

ఇవన్నీ కలిపి మీ లేఖ ఎలా ఉండవచ్చో కింద రాస్తున్నాను. ప్రకటన ఏ భాషలో ఉంటే లేఖ ఆ భాషలో పంపండి. ఖాళీలు ఉంచిన చోట మీ సొంత కొలతలే రావాలి. కొలవడానికి వీలుపడకపోతే ఆ వాక్యాలనే తొలగించండి, ఊహించి నింపవద్దు.

"విషయం: ట్రైనీ రేడియో నెట్‌వర్క్ ప్లానింగ్ ఇంజినీర్ ఉద్యోగానికి దరఖాస్తు

అయ్యా / అమ్మా,

కవరేజీ అంచనాలు వేయడం, సైట్ సర్వేలలో పాల్గొనడం ఈ ఉద్యోగంలోని ప్రధాన పనులని మీ ప్రకటనలో పేర్కొన్నారు. టెలికమ్యూనికేషన్స్ ఇంజినీరింగ్ ఇటీవలే పూర్తి చేసిన నేను, కవరేజీ అంచనాపై చేసిన ప్రాజెక్టు ఆధారంగా ఈ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను.

చివరి సంవత్సరం ప్రాజెక్టులో నగర ప్రాంతానికి 20 మెగాహెర్ట్జ్ వెడల్పున్న 1800 మెగాహెర్ట్జ్ ఎల్‌టీఈ క్యారియర్ లింక్ బడ్జెట్‌ను మ్యాట్‌ల్యాబ్‌లో తయారు చేశాను. -105 డీబీఎం ఆర్‌ఎస్‌ఆర్‌పీ హద్దుకు తొలుత 3.4 కిలోమీటర్ల సెల్ పరిధి వచ్చింది. పరిధి అసహజంగా ఎక్కువగా ఉండటంతో లెక్కను మళ్లీ పరిశీలించి, మొత్తం క్యారియర్ శక్తిని ఒక రిసోర్స్ ఎలిమెంట్‌కు చెందిన హద్దుతో పోల్చడం వల్ల 30.8 డీబీ ఎక్కువగా లెక్కకు వచ్చిందని గుర్తించాను. సరిచేసిన తర్వాత ఆరుబయట పరిధి సుమారు 450 మీటర్లకు, 15 డీబీ గోడల నష్టంతో భవనాల లోపల సుమారు 170 మీటర్లకు తగ్గింది. ఈ దూరాలు కాస్ట్-231 హాటా నమూనాకు చెప్పిన 1 కిలోమీటరు కనిష్ఠ దూరానికి లోపల ఉన్నందున వీటిని తొలి అంచనాగా మాత్రమే పరిగణిస్తున్నాను.

నమూనాను సరిచూడటానికి ఒక సైట్ ఎదుట ఫోన్‌తో ____ మీటర్ల నుంచి ____ మీటర్ల వరకు ఆర్‌ఎస్‌ఆర్‌పీ కొలిచాను. నమూనా వాలు దశకానికి ____ డీబీ కాగా కొలతల్లో ____ వచ్చింది. ప్రామాణిక విచలనం ____ డీబీ. సైట్ ప్రసార శక్తి తెలియనందున సగటు తేడాను పోల్చలేదు.

అటోల్‌తో నా పరిచయం ఒక వర్క్‌షాప్‌కు పరిమితం. అందులో ____ చేశాను. సైట్ సర్వేల కోసం బయట పనిచేయడానికి, ప్రయాణించడానికి సిద్ధంగా ఉన్నాను. లెక్కల పట్టికను, రెజ్యూమెను జతచేస్తున్నాను. ఇంటర్వ్యూకు అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయులు"

ఈ లేఖ ఒక పేజీకి మించదు, మించకూడదు. నిజంగా పరిధిని అనుమానించి మీరే పరిశీలించారా, లేక ఈ జవాబు చదివాక తెలుసుకున్నారా అని మనసులో ఇబ్బంది పడుతుంటే, "అసహజంగా ఎక్కువగా ఉండటంతో" అన్న మాటను తీసేసి "తర్వాతి పరిశీలనలో" అని రాయండి. అయితే పంపేలోపు ఆ లెక్కను మొదటినుంచి చివరివరకు మీ చేత్తో ఒకసారి వేయండి. 10 మెగాహెర్ట్జ్ క్యారియర్ అయితే ఏమవుతుందని అడిగితే, 600 సబ్‌క్యారియర్లు కనుక అదే 43 డీబీఎంకు ఒక్కో ఎలిమెంట్ పాలు 3 డీబీ పెరుగుతుందని తడుముకోకుండా చెప్పగలగాలి.

జతచేసే పట్టికలో ప్రతి అంకె పక్కన అది ఎక్కడిదో చిన్నగా రాయండి: తయారీదారు ఇచ్చిన యాంటెన్నా వివరాల నుంచి తీసుకున్నది, మీరు అనుకున్నది, మీరు కొలిచినది. ముఖ్యంగా 8 డీబీ మార్జిన్ గురించి అడిగే అవకాశం ఎక్కువ. సిగ్నల్ చెదురుకు ప్రామాణిక విచలనం కూడా 8 డీబీ అనుకుంటే, ఆ మార్జిన్‌తో సెల్ అంచున దాదాపు 84 శాతం చోట్ల మాత్రమే హద్దు దాటుతుంది. అంచున 90 శాతం కావాలంటే మార్జిన్ 10 డీబీ పైచిలుకు పెట్టాలి, అప్పుడు పరిధి ఇంకా కుంచించుకుపోతుంది. 98 శాతం అన్న మాటను మాత్రం లేఖలోంచే కాక రెజ్యూమెలోంచి కూడా తొలగించండి: అది అంచునా, మొత్తం విస్తీర్ణంలోనా, ఆరుబయటా, గోడల లోపలా అన్నది తేలకుండా ఆ శాతానికి అర్థం లేదు. లేఖలో ఒకటి, రెజ్యూమెలో మరొకటి ఉంటే చదివేవారికి మొదట కనిపించేది ఆ వైరుధ్యమే.

కొన్ని దరఖాస్తు ఫారాలలో కవర్ లెటర్‌కు పూర్తి పేజీ దొరకదు, కొన్ని వందల అక్షరాల పెట్టె మాత్రమే ఉంటుంది. అలాంటప్పుడు పలకరింపు, వర్క్‌షాప్, ప్రయాణం అన్నీ వదిలేసి, లింక్ బడ్జెట్ పేరా ఒక్కటే అతికించండి.